ఎర్రమట్టి చూసి ఊరు చెప్పేయకండి

నేను భూగర్భ మ్యాపింగ్ పని చేస్తాను. ఫోటో పంపి “ఇది ఏ ప్రాంతం?” అని అడిగేవాళ్ళు ఎక్కువ. అందరూ ముందు మట్టి రంగే చూస్తారు. నేనూ అలాగే ఒకసారి పప్పులో కాలేశాను.

అపోహ: ఎర్రమట్టి అంటే అడుగున గ్రానైటే.

ఒక మిత్రుడు రోడ్డు పక్క తవ్విన గట్టు ఫోటో పంపాడు. ముదురు ఎర్రమట్టి. ఇంకేముంది, మహబూబ్‌నగర్ అన్నాను. అది జహీరాబాద్! అక్కడ అడుగున ఉన్నది బసాల్ట్, అంటే లావా గడ్డకట్టిన నల్లరాయి. లక్షల ఏళ్ళ వానలకు దాని పైభాగంలోని సిలికా కరిగి కొట్టుకుపోయి, ఇనుము, అల్యూమినియం మిగిలి ఎర్రటి లేటరైట్ అయింది.

ఫోటోను పెద్దది చేసి మళ్ళీ చూస్తే తప్పు ఎక్కడ చేశానో తెలిసింది. గ్రానైట్ మీది చెల్క నేల అయితే మట్టిలో పలుగురాయి రేణువులు ఇసుకలా మెరవాలి. అవి ఒక్కటీ లేవు, ఎందుకంటే బసాల్ట్‌లో పలుగు దాదాపు ఉండదు. గట్టులోని రాయి తేనెపట్టులా చిల్లులు చిల్లులుగా ఉంది. వెనక గుండ్లు లేవు, బల్ల పరిచినట్టున్న మిట్ట ఉంది. దాని దిగువ పొలాలు నల్లగా ఉన్నాయి. ఇన్ని ఉన్నా రంగు దగ్గరే ఆగిపోయాను.

అపోహ: నల్లరేగడి అంటే బసాల్టే.

ఆదిలాబాద్ పత్తి చేలలో చాలావరకు నిజమే. నంద్యాల దగ్గర కుందూ మైదానంలోనూ నల్లరేగడే, కానీ అడుగున బంకమన్ను గట్టిపడి పొరలుగా మారిన షేల్ రాయి, సున్నపురాయి. ఉబ్బే బంకమన్ను ఏ రాయి నుంచి వచ్చినా రేగడి కావచ్చు. అలాంటప్పుడు నేను మట్టిని వదిలి గోడలు చూస్తాను. పాత ఇళ్ళకీ దొడ్లకీ నాపరాళ్ళు వాడారంటే సున్నపురాయి దగ్గర్లోనే ఉండొచ్చు. నాపరాయి తాండూరులోనూ దొరుకుతుంది కాబట్టి ఆపైన దిగంతం చూడాలి. నంద్యాలకు తూర్పున నల్లమల పొడవాటి గోడలా కనిపిస్తుంది.

అపోహ: గుండ్రటి బండలను నీళ్ళు దొర్లించి తెచ్చాయి.

హైదరాబాద్ గుండ్లు చాలావరకు పుట్టినచోటే ఉన్నాయి. గ్రానైట్‌లో నిలువు, అడ్డం పగుళ్ళుంటాయి. వాటి వెంట నీరు దిగి, మూడు వైపులా దాడి తగిలే మూలలను ముందు తినేస్తుంది. పెట్టెలాంటి రాయి గుండు అవుతుంది. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న గుండ్ల మధ్య పగుళ్ళు ఒకే వరుసలో సాగుతుంటే అవి కదలలేదనే అర్థం. గండికోటలో ఇసుకరాయి గట్టిపడి మారిన క్వార్ట్‌జైట్ పొరలు అడ్డంగా ఉంటాయి, పగుళ్ళు నిలువుగా ఉంటాయి. అందుకే పెన్నా ఒడ్డు పుస్తకాలు దొంతర పెట్టినట్టు నిటారుగా విరిగింది.

ఇక ఫోన్ కెమెరా సంగతి. సాయంత్రం ఎండలో మామూలు మట్టి కూడా ఎర్రబడుతుంది, వాన పడితే ఏ మట్టైనా ముదురుతుంది. ఫ్రేములో తెల్ల చొక్కానో, సున్నం కొట్టిన రాయో ఉంటే అది తెల్లగా కనిపిస్తోందా అని ముందు చూసుకుంటాను. రాయీ గుట్టా ఏమీ లేని దున్నిన నల్ల చేను ఒక్కటే ఉంటే “నల్లరేగడి” అని మాత్రమే రాసి పంపిస్తాను.