రెజ్యూమేలో "అయిదు భాషలు వచ్చు" అని రాస్తే సరిపోతుందా? అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో ఒక హోటల్ ఫ్రంట్ ఆఫీసు బాధ్యత నాది. రిసెప్షన్‌కి, గెస్ట్ రిలేషన్స్‌కి వచ్చే దరఖాస్తులు ముందు నా టేబుల్ మీదికే వస్తాయి. ఒక్క పూటలోనే మా కౌంటరు ముందు వేలూరు కుటుంబం, హుబ్బళ్లి కుర్రాళ్లు, సూరత్ వ్యాపారి, ఒడిశా నుంచి బస్సు మాట్లాడుకుని వచ్చిన బృందం నిలబడతారు. వీళ్లందరితో మాట్లాడగలిగే పిల్లలు మన దగ్గర ఉన్నారు. నగరి, పుత్తూరు, సత్యవేడు వైపు చాలా ఇళ్లలో తమిళం నడుస్తుంది. పలమనేరు, కుప్పం వైపు కన్నడం చెవిన పడుతూనే ఉంటుంది. కానీ ఆ పిల్లల రెజ్యూమేల్లో పైన ఉండే నాలుగు లైన్ల సమ్మరీ చదివితే ఆ సంగతి తెలియదు. ఎవరిది చూసినా "అయిదు భాషల్లో ఫ్లూయెంట్, మంచి కమ్యూనికేషన్ స్కిల్స్, కష్టపడే తత్వం" అనే ఉంటుంది. దాని వల్ల రావలసిన ఇంటర్వ్యూ కాల్స్ పోతున్నాయి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఎన్ని ఎక్కువ భాషలు రాస్తే అంత మంచిది.

వాస్తవం: చదివేవాళ్లు భాషలు లెక్కపెట్టరు. ఈ మనిషికి ఏ భాషలో ఏ పని అప్పగించవచ్చు అని చూస్తారు. మాట్లాడటం, విని అర్థం చేసుకోవడం, చదవడం, రాయడం నాలుగూ వేరువేరు. తమిళం చక్కగా మాట్లాడే అమ్మాయిని కౌంటరులో కూర్చోబెట్టవచ్చు. అదే అమ్మాయికి తమిళ లిపి రాకపోతే, వాట్సాప్‌లో తమిళంలో వచ్చే బుకింగ్ మెసేజ్‌లు ఆమెకు ఇవ్వలేం. "ఫ్లూయెంట్" అన్న ఒక్క మాట ఈ తేడాను కప్పేస్తుంది. ఆ తేడా మాకు ఇంటర్వ్యూలో ఎలాగూ తెలుస్తుంది. అప్పుడు మిగతా భాషల మీద కూడా అనుమానం వస్తుంది.

హిందీనే తీసుకోండి. నేను హిందీ పరీక్షించేటప్పుడు "మీ పేరేమిటి, ఏ ఊరు" అని అడగను. అతిథిలాగా మాట్లాడతాను. "పౌనే పాంచ్ బజే గాడీ చాహియే" అంటాను. పాంచ్ అన్నది చెవిన పడగానే చాలామంది అయిదు గంటలకు కారు అని రాసుకుంటారు. పౌనే పాంచ్ అంటే నాలుగూ ముప్పావు. పదిహేను నిమిషాలు ఆలస్యమైతే మా ఊళ్లో అది చిన్న విషయం కాదు. కొండ మీద దర్శనం టికెట్‌లో టైము ఉంటుంది, ఆ కుటుంబం ఆ టైమును నమ్ముకునే రైలు టికెట్లు కూడా తీసుకుని ఉంటుంది. డబ్బు దగ్గరా ఇదే చిక్కు. ఢాయీ హజార్ అంటే రెండున్నర వేలు, సాఢే తీన్ హజార్ అంటే మూడున్నర వేలు. ఉనహత్తర్ అంటే 69, ఉనాసీ అంటే 79. సినిమాలు చూసి, స్నేహితులతో తిరిగి హిందీ నేర్చుకున్నవాళ్లు కబుర్లు బాగానే చెబుతారు, ఈ అంకెల దగ్గరే ఆగిపోతారు. కాబట్టి సమ్మరీ రాసే ముందు మిమ్మల్ని మీరు అడుగుకోవలసిన ప్రశ్న ఇది: ధర, టైము, రీఫండ్, ఫిర్యాదు, ఈ నాలుగూ ఆ భాషలో ఎవరి సాయం లేకుండా మాట్లాడగలనా? మాట్లాడగలిగితే ఆ మాటే రాయండి. లేకపోతే "పలకరింపు, దారి చెప్పడం వరకు" అని రాయండి.

పెద్ద కంపెనీలకు పంపేటప్పుడు ఎ1 నుంచి సి2 దాకా ఉండే యూరప్ కొలమానం వాడవచ్చు. కౌన్సిల్ ఆఫ్ యూరప్ దాన్ని 2001లో ప్రచురించింది. అందులో ఆరు మెట్లుంటాయి. బి1 అంటే రోజువారీ పరిస్థితుల్లో నెట్టుకురాగలరని, బి2 అంటే అవతలివాళ్లకు ఇబ్బంది లేకుండా సంభాషణ నడపగలరని స్థూలంగా అర్థం. కానీ తిరుపతి, చిత్తూరు హోటళ్లలో దరఖాస్తు చదివే అందరికీ ఇది తెలియదు. తమిళానికి బి2 అని రాయడం కంటే "మాట్లాడతాను, చదవడం రాదు" అన్నది ఇక్కడ ఎక్కువ పనిచేస్తుంది.

అపోహ: ఇంట్లో నేర్చుకున్న భాషకు సర్టిఫికెట్ లేదు కాబట్టి రాయకూడదు.

వాస్తవం: రాయాలి, "ఇంటి భాష" అనే రాయాలి. పుట్టినప్పటి నుంచి విన్న తమిళంలో కోపంగా ఉన్న పెద్దాయనను ఎలా సముదాయించాలో తెలుస్తుంది. ఆ నేర్పు ఏ పరీక్షా ఇవ్వదు. సర్టిఫికెట్‌కి కూడా హద్దులుంటాయి. 1918లో మొదలైన దక్షిణ భారత హిందీ ప్రచార సభ నడిపే పరీక్షలు, ప్రాథమిక్, మధ్యమ, రాష్ట్రభాష లాంటివి, మన జిల్లాల్లో చాలామంది బడిలో ఉండగానే రాశారు. వాళ్లు హిందీ చదువుతారు, రాస్తారు. మాట్లాడటం మాత్రం ఏళ్ల తరబడి వాడక మొద్దుబారిపోయి ఉంటుంది. జపనీస్‌లో జేఎల్‌పీటీ పరీక్షది ఇంకో పరిమితి. అందులో చదవడం, వినడం చూస్తారు కానీ మాట్లాడించి చూడరు. అందులో ఎన్4 అనే స్థాయి పాసైన వాళ్లు కౌంటరులో మాట్లాడగలరా లేదా అన్నది ఆ కాగితం చెప్పదు. సర్టిఫికెట్ ఉంటే దాని పేరు రాసి, పక్కనే మాట్లాడే స్థాయి వేరుగా రాయండి.

అపోహ: "క్రాస్ కల్చరల్ కమ్యూనికేషన్ స్కిల్స్" అన్న మాట ఉంటే చాలు.

వాస్తవం: ఆ మాట అందరి రెజ్యూమేలోనూ ఉంటుంది, అందుకే అది చదివినా మాకు ఏమీ తెలియదు. రెండు రకాల అలవాట్లున్న మనుషుల మధ్య ఎక్కడ తేడా వచ్చింది, మీరు దాన్ని ఎలా సరిచేశారు అన్నది చెప్పాలి. ఒక్క ఉదాహరణ చాలు.

నగరి అమ్మాయి ఒకరు మా దగ్గర గెస్ట్ రిలేషన్స్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. అప్పటికి మూడేళ్లుగా బస్టాండు దగ్గర 40 గదుల లాడ్జిలో రిసెప్షన్ చూస్తోంది. సమ్మరీలో షరా మామూలుగా అయిదు భాషలు, మంచి కమ్యూనికేషన్. కూర్చోబెట్టి అడిగాను, "కౌంటరులో ఎక్కువ గొడవ దేని మీద వస్తుందమ్మా?" అని. వెంటనే చెప్పింది: "చెకౌట్ టైము మీద సార్."

ఆ లాడ్జిలో 24 గంటల పద్ధతి. తెల్లవారుజామున నాలుగుకు దిగితే మర్నాడు నాలుగుకు ఖాళీ చెయ్యాలి. మధ్యాహ్నం పన్నెండు చెకౌట్‌కు అలవాటు పడి వచ్చినవాళ్లు ఆ మర్నాడు మధ్యాహ్నం దాకా గది తమదే అనుకుంటారు. బృందాలుగా వచ్చేవాళ్లతో ఇంకో చిక్కు. గదులన్నీ ఒక పెద్దాయన పేరు మీద ఉంటాయి, టైము ఆయనకే చెబుతారు. ఆయన కొండ మీద ఉంటాడు, గదుల్లో ఉన్నవాళ్లకు ఏమీ తెలియదు. తలుపు తట్టి ఖాళీ చెయ్యమంటే అవమానంగా తీసుకుంటారు, పెద్ద వయసు వాళ్లుంటే మరీను. ఈ అమ్మాయి చేసింది ఏమిటంటే, చెకిన్ అప్పుడు ఒక చీటీ మీద తేదీ, టైము అంకెల్లో రాసి, బృందం పెద్దకు ఒకటే కాక ప్రతి గదికీ ఒకటి ఇచ్చింది. చీటీ ఇస్తూ టైము వాళ్ల నోటితోనే ఒకసారి తిరిగి చెప్పించుకునేది. తమిళం వాళ్లతో తమిళంలో, ఉత్తరాది వాళ్లతో హిందీలో. గొడవలు బాగా తగ్గాయని, తర్వాత యజమాని మిగతా షిఫ్టులకు కూడా అదే పద్ధతి పెట్టాడని చెప్పింది.

ఇంత పని చేసి సమ్మరీలో ఒక్క ముక్క రాయలేదు. ఎందుకమ్మా అంటే, "అది పెద్ద విషయం కాదనుకున్నాను సార్. నాకు తమిళం చదవను రాదు, అది రాస్తే ఉద్యోగం పోతుందేమో అని టెన్షన్" అంది. ఇద్దరం కలిసి తిరగరాశాం. రెజ్యూమేలో ఇంగ్లీషులో ఉంది, తెలుగులో చెప్పాలంటే ఇలా:

"తిరుపతిలో 40 గదుల లాడ్జిలో మూడేళ్ల రిసెప్షన్ అనుభవం; యాత్రికుల కుటుంబాలు, బస్సు బృందాలు ప్రధాన అతిథులు. తమిళం ఇంటి భాష, మాట్లాడటం వరకు. తెలుగు, ఇంగ్లీషు మాట్లాడటం, రాయడం. హిందీలో ధర, టైము, రీఫండ్, ఫిర్యాదులు సొంతంగా మాట్లాడగలను. రాష్ట్రభాష పరీక్ష పాస్. చెకౌట్ టైము మీద అపార్థాలు తగ్గించడానికి ప్రతి గదికీ టైము చీటీ ఇచ్చే పద్ధతి మొదలుపెట్టాను, లాడ్జి దాన్ని అన్ని షిఫ్టుల్లో అమలు చేసింది."

"కష్టపడే తత్వం" పోయింది. అయిదో భాషగా రాసిన కన్నడం కూడా పోయింది, ఎందుకంటే ఆమెకు వచ్చింది నాలుగైదు పలకరింపులే. గొడవలు ఇంత శాతం తగ్గాయని రాద్దామా అని అడిగింది. వద్దన్నాను. ఎవరూ లెక్క పెట్టలేదు కాబట్టి అది పుట్టించిన అంకె అవుతుంది, ఎలా లెక్కించావని అడిగితే జవాబుండదు. యజమాని అన్ని షిఫ్టులకూ పెట్టాడన్నది నిజం, ఆయనకు ఒక ఫోన్ చేస్తే తేలిపోతుంది.

ఇక్కడ ఇంకో జాగ్రత్త కూడా ఉంది. "తమిళులు ఇలా ఉంటారు, గుజరాతీలు అలా ఉంటారు" అన్నట్టు రాసే సమ్మరీలు కూడా వస్తుంటాయి. అవి చదివితే భయం వేస్తుంది. సూరత్ నుంచి వచ్చిన కుటుంబం జైనులైతే ఉల్లి, వెల్లుల్లి, దుంపలు లేని భోజనం అడగవచ్చు. కానీ గుజరాత్ అనగానే జైనులని అనుకోకూడదు కదా. "భోజనంలో ఏవైనా పట్టింపులున్నాయా" అని ముందే అడిగి వంటగదికి చెప్పే అలవాటు మీకుంటే, ఆ అలవాటును రాయండి.

అపోహ: భాషల పక్కన నక్షత్రాలు, శాతాల గీతలు పెడితే ప్రొఫెషనల్‌గా ఉంటుంది.

వాస్తవం: హిందీ 80 శాతం అంటే దేనిలో 80? ఎవరికీ తెలియదు. పైగా పెద్ద సంస్థల్లో దరఖాస్తులు ముందు సాఫ్ట్‌వేర్ చదువుతుంది. బొమ్మ రూపంలో ఉన్నది చాలాసార్లు దానికి అందదు. మాటల్లోనే రాయండి.

అపోహ: ఒక మంచి సమ్మరీ ఉంటే అన్ని ఉద్యోగాలకూ అదే పంపవచ్చు.

వాస్తవం: మనిషి అదే అయినా వరస మారాలి. యాత్రికుల హోటల్‌కు ఆ అమ్మాయి తమిళం ముందుండాలి. కాల్ సెంటర్‌లో హిందీ వాయిస్ ఉద్యోగమైతే హిందీ ముందుకు రావాలి, చీటీ పద్ధతి బదులు ఫోన్‌లో బుకింగ్‌లు, రీఫండ్‌లు చూసిన అనుభవం రావాలి. శ్రీసిటీ పారిశ్రామికవాడ వైపు హోటళ్లకైతే అతిథుల్లో జపాన్, కొరియా ఇంజనీర్లుంటారు. అక్కడ ఇంగ్లీషులో ఈమెయిల్ రాయగలగడం పై లైనులోకి ఎక్కాలి. జపనీస్ పలకరింపులు రెండు వచ్చని జపనీస్ అని రాయకండి, మొదటి రోజే తేలిపోతుంది. విదేశీ అతిథి దిగిన 24 గంటల్లోపు అతని వివరాల ఫారం, 2025 దాకా ఫారం-సి అని పిలిచినది, ఆన్‌లైన్‌లో ఇమిగ్రేషన్ అధికారులకు పంపాలి. పాస్‌పోర్టు, వీసా వివరాలు తప్పులు లేకుండా ఎక్కించి ఆ ఫారం పంపిన అనుభవం మీకుంటే, వచ్చీరాని మూడో భాషను తీసేసి ఆ చోట అది రాయండి.