తెర మీద 1,019

2011 జనగణన లెక్కల్లోంచి విజయనగరం జిల్లా గురించి ఏదైనా సమావేశంలో చెప్పాలంటే, ఎక్కువమంది ఎక్సెల్‌లో ఉన్న పట్టికను ఉన్నదున్నట్టు తెచ్చి స్లైడ్‌లో అతికించేస్తారు. అందులో మగవాళ్లెంతమందో, ఆడవాళ్లెంతమందో, మొత్తమెంతో, నిష్పత్తి ఎంతో ఉంటాయి. పక్కనే శ్రీకాకుళం, విశాఖ, రాష్ట్రం, దేశం. అన్నీ కలిపితే ఇరవై సంఖ్యలు. ఆ తర్వాత, "వెనకాల ఉన్నవాళ్లకి కనబడకపోవచ్చు గానీ..." అంటూ మాట మొదలవుతుంది.

కనబడకపోవడం ఎంత సహజమో చిన్న లెక్కతో తేలుతుంది. పవర్‌పాయింట్ మామూలుగా ఇచ్చే స్లైడ్ ఎత్తు 540 పాయింట్లు. హాల్లో తెర ఎత్తు మీటరున్నర అనుకుందాం. పట్టిక మొత్తం పట్టాలని అక్షరాలను 14 పాయింట్లకు తగ్గిస్తే, అంకె అసలు ఎత్తు 10 పాయింట్లే. తెర మీద అది మూడు సెంటీమీటర్లు కూడా ఉండదు. పన్నెండు మీటర్ల దూరంలో చివరి వరసలో కూర్చున్న మనిషి కంటికి ఆ అంకె చేసే కోణం సుమారు 8 నిమిషాలు, అంటే డిగ్రీలో అరవైలో ఎనిమిది వంతులు. మంచి చూపున్న కన్ను పోల్చుకోగలిగే కనీస కొలత 5 నిమిషాలు. కళ్లు చికిలించకుండా చదవాలంటే 20 దాకా కావాలి. ఆ లెక్కన ఈ హాల్లో చదవాల్సిన ఏ మాటైనా 36 పాయింట్లకు తగ్గకూడదు. తెలుగైతే ఇంకొంచెం పెంచాలి. వత్తులు, గుణింతాలు అదే ఎత్తులో సర్దుకోవాలి కాబట్టి మన అక్షరం అంకె కన్నా చిన్నగా కనిపిస్తుంది. వరసల మధ్య ఖాళీ కూడా ఎక్కువే వదలాలి, లేకపోతే పై వరస వత్తు కింది వరస గుడిని తాకుతుంది.

36 పాయింట్లలో ఇరవై సంఖ్యలు పట్టవు. కాబట్టి ఒకదాన్ని ఎంచుకోవాల్సిందే.

అసలు పని ఇక్కడే ఉంది. ఆ లెక్కల్లో జిల్లాలో మగవాళ్లు 11,61,477 మంది, ఆడవాళ్లు 11,82,997 మంది. ఈ రెండిటి నుంచే మూడు రకాల సంఖ్యలు తీయొచ్చు. ఆడవాళ్లు 21,520 మంది ఎక్కువ అనొచ్చు. దాదాపు రెండు శాతం ఎక్కువ అనొచ్చు. ప్రతి వెయ్యి మంది మగవాళ్లకు 1,019 మంది ఆడవాళ్లు అనొచ్చు. మూడూ నిజమే, కానీ వినేవాళ్ల మీద మూడూ ఒకేలా పనిచేయవు. 21,520 అనగానే చిన్న పట్టణమంత జనం కళ్లముందు కదులుతారు. జిల్లా జనాభా 23.4 లక్షలని తెలియకపోతే అది ఎక్కువో తక్కువో చెప్పలేం. రెండు శాతం అంటే ఎవరూ తల ఎత్తి చూడరు. 1,019కి ఒక వీలుంది. వెయ్యి అనే గీత అందరి మనసులోనూ ముందే ఉంటుంది, దాన్ని దాటిందని వినగానే తెలిసిపోతుంది. పైగా జిల్లా చిన్నదైనా పెద్దదైనా పోల్చుకోవచ్చు. నేనైతే దీన్నే తీసుకుంటాను.

దీన్ని 200 పాయింట్లలో పెడితే, అదే తెర మీద అంకెలు దాదాపు 40 సెంటీమీటర్ల ఎత్తు వస్తాయి, వెడల్పులో సగం నిండుతుంది. చుట్టూ ఖాళీ అలాగే ఉండనివ్వాలి. ఆ ఖాళీలో బొమ్మ పెట్టాలని చెయ్యి లాగుతుంది, పెట్టొద్దు. కర్టెన్లు లేని హాల్లో పగటిపూట ప్రొజెక్టర్ వేస్తే లేత రంగులన్నీ వెలిసిపోతాయి కాబట్టి తెల్ల నేల మీద నల్ల అంకెలే మేలు.

ఇక పక్కన ఏం రాయాలి? ఒంటరిగా నిలబడ్డ సంఖ్యకు అర్థం పోలిక నుంచే వస్తుంది. ఆ పోలికను ఎంచుకునేవాడి చేతిలో చాలా ఉంది. అదే జనగణనలో దేశం మొత్తానికి 943. దాని పక్కన పెడితే మన 1,019 ఆశ్చర్యంగా ఉంటుంది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 993 పక్కన పెడితే కాస్త మెరుగు, అంతే. కేరళ 1,084 పక్కన పెడితే ఏమంత విశేషం కాదు. శ్రీకాకుళం 1,015 పెడితే ఇది ఈ ప్రాంతమంతటి లక్షణం అని అర్థమవుతుంది. ఎక్కువ మెరుపు తెప్పించే పోలికనే వెతికి పెట్టడం మోసానికి దగ్గర. వినేవాళ్లు తమంతట తాము ఏ పోలిక అడుగుతారో అదే పెట్టాలి. ఇక్కడ అది దేశం సగటు.

పెద్ద సంఖ్యతో వచ్చే పెద్ద చిక్కు వేరే ఉంది. 1,019 చూడగానే ముందు వరసలోంచి ఎవరో ఒకరు, "అయితే మన దగ్గర ఆడపిల్లల్ని బాగా చూసుకుంటారన్నమాట!" అంటారు. ఈ సంఖ్య ఆ మాట చెప్పడం లేదు. ప్రకృతిలోనే ప్రతి వంద మంది ఆడపిల్లలకు 105 మంది దాకా మగపిల్లలు పుడతారు, అంటే వెయ్యి మంది మగపిల్లలకు 950 చిల్లర మంది ఆడపిల్లలు. ఈ జిల్లాలోనూ ఆరేళ్లలోపు పిల్లల్ని మాత్రమే లెక్కేస్తే నిష్పత్తి వెయ్యికి లోపే ఉంది. కాబట్టి వెయ్యి దాటడం పుట్టుక దగ్గర జరిగింది కాదు, పెద్దవాళ్ల లెక్కలో జరిగింది. ఆడవాళ్లు సగటున ఎక్కువకాలం బతకడం ఒక కారణం. రెండోది వలస. 2011లో లెక్కింపు ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు సాగింది. ఆ రోజులన్నీ ఊళ్లో లేని మనిషిని ఎక్కడుంటే అక్కడే లెక్కించారు. గుజరాత్ తీరంలో అది వేట సీజన్. మన తీరగ్రామాల నుంచి వేరావల్ పడవల మీదికి వెళ్లినవాళ్లు గుజరాత్ లెక్కలోకి వెళ్లారు, హైదరాబాద్‌లోనో చెన్నైలోనో కూలి పనుల్లో ఉన్నవాళ్లు అక్కడి లెక్కలోకి వెళ్లారు. నిష్పత్తిలో హారం మగవాళ్ల సంఖ్య కాబట్టి, అది తగ్గితే నిష్పత్తి పెరుగుతుంది. ఆడవాళ్లు ఒక్కరు కూడా పెరగనక్కర్లేదు.

ఇదంతా స్లైడ్ మీద రాయలేం. ఒక్క వాక్యం రాయొచ్చు: "ఆరేళ్లలోపు పిల్లల్లో మాత్రం ఆడపిల్లలే తక్కువ." తప్పుడు అర్థాన్ని ఆపడానికి అది చాలు. వలస సంగతి నోటితో చెప్పాలి. ఎంత భాగం వలస వల్ల, ఎంత భాగం ఆయుర్దాయం వల్ల అన్నది ఈ ఒక్క సంఖ్య విడదీసి చెప్పలేదు కాబట్టి, "వలసలతో ఖాళీ అయిన జిల్లా" లాంటి శీర్షిక మాత్రం పెట్టకూడదు. "ఆడవాళ్లే ఎక్కువగా ఉన్న జిల్లా" అంటే లెక్కకు తగ్గట్టు ఉంటుంది.

మొత్తం స్లైడ్ ఇలా తేలుతుంది. పైన ఆ శీర్షిక, మధ్యలో 1,019, దాని కింద 40 పాయింట్లలో "ప్రతి వెయ్యి మంది మగవాళ్లకు ఆడవాళ్లు. దేశంలో 943", ఆ కింద పిల్లల వాక్యం. అడుగున చిన్నగా "2011 జనగణన, పాత జిల్లా హద్దులు". చివరి వరసకు ఈ ఆఖరి ముక్క కనబడదు, అందుకని నోటితో కూడా చెప్పాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు పార్వతీపురం వైపు భాగం మన్యం జిల్లాలోకి వెళ్లింది. ఇప్పటి విజయనగరానికి 1,019 అంటే అది తప్పే.

యానిమేషన్‌తో ముందు అంకెను మాత్రమే చూపించి, కాసేపయ్యాక వివరం తెప్పించేవాళ్లున్నారు. నాటకీయంగానే ఉంటుంది గానీ, ఆ కాసేపట్లో ప్రతి ఒక్కరూ తమకు తోచిన కథ అల్లేసుకుంటారు, తర్వాత దాన్ని చెరపడం కష్టం. అంకె, పోలిక, పిల్లల వాక్యం ఒకేసారి రావాలి.

వచ్చినవాళ్లు మండల స్థాయి సిబ్బంది అయితే ఈ పద్ధతి సగమే పనిచేస్తుంది. వాళ్లకు కావాల్సింది జిల్లా సంఖ్య కాదు, తమ మండలం వరస. అలాంటప్పుడు ఆ పెద్ద పట్టికను పారేయక్కర్లేదు. ఎ4 కాగితం మీద అచ్చేసి, తెర ఆపేశాక పంచితే ఎవరి వరస వాళ్లు వెతుక్కుంటారు.