పుట్టగొడుగు మొక్కా, కూరగాయా? గొడవ అసలు ఎక్కడ మొదలైంది

"పుట్టగొడుగులో మాంసంతో సమానంగా ప్రోటీన్ ఉంది" అనే మాట మళ్లీ తిరుగుతోంది. ఇంకోపక్క "అది కూరగాయే, అంత లేదు" అనేవాళ్లూ ఉన్నారు. జీవులను వర్గాలుగా విడగొట్టిన 18వ శతాబ్దపు శాస్త్రవేత్త లిన్నేయస్ కాలంలో పుట్టగొడుగును మొక్కల్లో కలిపేశారు, అక్కడి నుంచి నేరుగా 1969కి వచ్చేద్దాం.

ఆ ఏడాది జీవశాస్త్రవేత్త రాబర్ట్ విట్టేకర్ జీవులను ఐదు రాజ్యాలుగా, అంటే ఐదు పెద్ద వర్గాలుగా విడగొట్టి, పుట్టగొడుగులు చేరే శిలీంధ్రాలకు వేరే రాజ్యం ఇచ్చాడు. ఆయన ప్రధానంగా చూసింది ఆకారం కాదు, తిండి తినే పద్ధతి. మొక్క ఎండతో తన తిండి తానే తయారు చేసుకుంటుంది, జంతువు మింగుతుంది, శిలీంధ్రం మాత్రం ఎంజైములను బయటికి వదిలి అక్కడే అరిగించి ఆ రసాన్ని పీల్చుకుంటుంది. 1993లో జన్యువులను పోల్చి చూస్తే శిలీంధ్రాలు మొక్కల కంటే జంతువులకే దగ్గరి చుట్టాలని తేలింది (అంతమాత్రాన పుట్టగొడుగు మాంసం అయిపోదు లెండి).

నా లెక్కలో ఇప్పటి ప్రోటీన్ గొడవకు మూలం ఈ విభజనే. మొక్క కణం గోడ సెల్యులోజ్ అయితే పుట్టగొడుగు గోడలో ఉండేది కైటిన్, అంటే పురుగుల పెంకులో ఉండే పదార్థమే. కైటిన్‌లో నైట్రోజన్ ఉంటుంది, చిక్కంతా అక్కడే. ప్రోటీన్‌ను సాధారణంగా నేరుగా కొలవరు, నైట్రోజన్ కొలిచి 6.25తో గుణిస్తారు. పుట్టగొడుగుకు ఆ లెక్క వేస్తే ప్రోటీన్ కాని నైట్రోజన్ కూడా ప్రోటీన్‌గా జమ అయిపోతుంది. అందుకే దీనికి 4.38 వాడతారు. 100 గ్రాముల ఎండు పొడిలో 5 గ్రాముల నైట్రోజన్ ఉందనుకోండి, మొదటి లెక్కలో ప్రోటీన్ 31 గ్రాములు, రెండో లెక్కలో 22. పైగా ఇది ఎండు పొడి సంగతి, పచ్చి పుట్టగొడుగులో 90 శాతం పైగా నీళ్లే కాబట్టి 100 గ్రాములకు రెండు మూడు గ్రాముల ప్రోటీన్ ఉంటుందంతే. "మాంసంతో సమానం" అనేవాళ్లు చాలాసార్లు ఎండు పొడిని పచ్చి మాంసం పక్కన పెట్టి చూపిస్తారు.

కూరగాయ అనేవాళ్ల మాట తప్పేం కాదు, వంటలోనూ ఆహార పట్టికల్లోనూ దాన్ని అలాగే లెక్కేస్తారు, కేలరీలు తక్కువ కాబట్టి సరిపోతుంది కూడా. కానీ ఆ పేరుతో విటమిన్ డి సంగతి అర్థం కాదు. మన చర్మంలో ఎండ తగిలితే విటమిన్ డి అయ్యే కొలెస్టరాల్ ముందు రూపం ఉన్నట్టు శిలీంధ్రాల్లో ఎర్గోస్టెరాల్ ఉంటుంది, దాని మీద అతినీలలోహిత కాంతి పడితే విటమిన్ డి2 అవుతుంది. చీకటి గదిలో పెంచినవాటిలో డి దాదాపు ఉండదు. వాటినే ముక్కలు కోసి మధ్యాహ్నం ఎండలో పావుగంటో అరగంటో పెడితే 100 గ్రాములకు 10 మైక్రోగ్రాములు దాటొచ్చు, ఒక మనిషికి రోజుకు కావాల్సింది సుమారు 15. గాజు కిటికీ లోపల పెడితే మాత్రం ఎండ తగులుతున్నట్టే కనిపిస్తుంది గానీ, పని చేసే కిరణాలను గాజు చాలావరకు ఆపేస్తుంది.