బిల్డర్‌కి రాసే మొదటి ఉత్తరం: ఒక్కో వాక్యం వెనక ఒక పాత గొడవ

స్థలం డెవలప్‌మెంట్‌కి ఇద్దామనుకున్న ఓనర్ బిల్డర్‌కి మొదట పంపేది చాలాసార్లు ఒక్క లైన్ మెసేజ్: "మాది 500 గజాలు, ఫిఫ్టీ-ఫిఫ్టీ అయితే మాట్లాడదాం." అవతల నుంచి "ఓకే సార్" అని వస్తుంది, తర్వాత ఒక అడ్వాన్స్ చెక్కు, ఆపైన బిల్డర్ లాయరే తయారుచేసిన డ్రాఫ్టు. అక్కడి నుంచి ఓనర్ పని ఆ డ్రాఫ్టులో మార్పుల కోసం బతిమాలుకోవడమే. కాగితం మీద మొదట ఎవరి షరతులు పడ్డాయన్నది మనం అనుకునేదానికంటే చాలా పెద్ద విషయం, ఎందుకంటే గత ముప్పై నలభై ఏళ్లలో ఈ వ్యవహారాల్లో వచ్చిన తీర్పులన్నీ దాదాపు ఒకే ప్రశ్న చుట్టూ తిరిగాయి: ఓనర్ ఏ రోజున, ఏది, ఎంత వరకు వదులుకున్నాడు?

టాక్స్ సంగతి చూడండి. స్థలాన్ని రిజిస్టర్ చేసి అమ్మకపోయినా, ఒప్పందం ప్రకారం పొజెషన్ ఇచ్చేస్తే అది బదిలీ కిందికే వస్తుందని 1988 ఏప్రిల్ నుంచి ఆదాయపు పన్ను చట్టంలో చేరింది. 2003లో బొంబాయి హైకోర్టు ఒక అడుగు ముందుకేసి, ఒప్పందం మొత్తం చదివితే స్థలం మీద పట్టు బిల్డర్‌కి వెళ్లినట్టు కనిపిస్తే ఆ ఒప్పందం రాసిన సంవత్సరంలోనే పన్ను అంది. 2014లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కూడా పొజెషన్ ఇచ్చిన ఏడాదే లెక్క, చేతికి ఇంకా ఏమీ రాకపోయినా సరే అని తేల్చింది. అంటే ఫ్లాట్లు పునాదుల్లో ఉండగానే వాటి మీద క్యాపిటల్ గెయిన్స్ కట్టాలి! 2017 బడ్జెట్‌లో ఊరట వచ్చింది. వ్యక్తులకు, హిందూ ఉమ్మడి కుటుంబాలకు మాత్రమే, అదీ ఒప్పందం రిజిస్టర్ అయితేనే, కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చిన ఏడాదిలో పన్ను. అదే సంవత్సరం అక్టోబరులో సుప్రీంకోర్టు, రిజిస్టర్ కాని ఒప్పందాన్ని పట్టుకుని బదిలీ అయిపోయిందనడం కుదరదని చెప్పింది, 2001 సవరణ తర్వాత అలాంటి కాగితానికి ఆస్తి బదిలీ చట్టంలోని 53ఏ సెక్షన్ రక్షణ లేదు కాబట్టి.

అందుకే ఉత్తరంలో మొదటి పేరా ఇలా ఉండాలంటాను: "ఇది చర్చ కోసం పంపుతున్న ప్రతిపాదన మాత్రమే. రిజిస్టర్డ్ డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ అయ్యే వరకు ఎవరికీ హక్కు గానీ బాధ్యత గానీ ఉండదు. పొజెషన్ ఇవ్వడం లేదు. అడ్వాన్స్ తీసుకోలేదు." చివరి మాట నిజంగా నిజమయ్యేలా చూసుకోండి. ఉత్తరం, దాని మీద "అంగీకరిస్తున్నాం" అన్న జవాబు, వెనకే ఒక చెక్కు, ఈ మూడూ కలిస్తే ఒప్పందం కుదిరిపోయిందని కోర్టుకెళ్లే బిల్డర్లు ఉన్నారు. గెలుస్తారా లేదా అన్నది తర్వాత సంగతి, కేసు నడిచినన్నాళ్లూ మీ స్థలం ఇరుక్కుంటుంది.

ఇక వాటా. ఫిఫ్టీ-ఫిఫ్టీ అంటే దేనిలో సగం? 500 గజాల్లో స్టిల్ట్ మీద ఐదు అంతస్తులు, అంతస్తుకి రెండు చొప్పున పది ఫ్లాట్లు, ఒక్కోటి 1500 ఎస్‌ఎఫ్‌టీ అనుకుందాం. ఐదు మీవి. ఒక్కో ఫ్లాటుకి స్థలంలో 50 గజాల అన్‌డివైడెడ్ షేర్, కాబట్టి మీకు మిగిలేది 250 గజాలు. ఇంతవరకు అందరూ లెక్కేస్తారు. అయితే పర్మిషన్ వచ్చేసరికి ప్లాను మారి, బిల్డర్ ఫ్లాట్లు 1600, మీవి 1400 అయితే? లెక్కకి ఐదూ ఐదే, కానీ మీకు 500 ఎస్‌ఎఫ్‌టీ తగ్గింది. అందుకని "ఫ్లాట్ల సంఖ్యలో కాదు, మొత్తం అమ్మదగ్గ విస్తీర్ణంలో, పార్కింగ్‌లో, టెర్రస్ హక్కులో, అన్‌డివైడెడ్ షేర్‌లో సగం, తర్వాత అదనంగా పర్మిషన్ వచ్చినా అందులోనూ సగం" అని రాయాలి. ఏ ఫ్లాట్ ఎవరిదో పర్మిషన్ రాగానే సప్లిమెంటరీ డీడ్‌లో నంబర్లతో రాసుకుంటామని, అది రిజిస్టర్ అయ్యే దాకా బిల్డర్ ఏ ఫ్లాటూ అమ్మకూడదని కూడా అక్కడే చెప్పేయండి.

హైదరాబాద్‌లో చాలామంది ఓనర్లు ఆలస్యంగా తెలుసుకునే ఇంకో విషయం మార్ట్‌గేజ్. 2012లో వచ్చిన 168 నంబర్ జీవో ప్రకారం పర్మిషన్ ఇచ్చే ముందు కట్టడంలో పది శాతం దాకా మున్సిపల్ అధికారుల పేర తనఖా పెట్టించుకుంటారు, ప్లాను ప్రకారం కట్టి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే ఓసీ, తెచ్చుకున్నాకే వదులుతారు. పైన చెప్పిన లెక్కలో అది దాదాపు ఒక ఫ్లాట్. అది మీ ఐదింటిలోంచి పోయిందనుకోండి, బిల్డర్ సెట్‌బ్యాక్‌లో గది పెంచి ఓసీ పోగొట్టుకుంటే అతని ఫ్లాట్లు అప్పటికే అమ్ముడుపోయి ఉంటాయి, ఇరుక్కునేది మాత్రం మీది. తప్పు చేయగలిగినవాడి ఫ్లాటే తనఖాలో ఉండాలి కదా! "మార్ట్‌గేజ్ ఫ్లాట్ డెవలపర్ వాటాలోంచే" అన్న ఒక్క వాక్యం చాలు.

ఓసీ గురించి ఇంత పట్టుబట్టడానికీ ఒక కథ ఉంది. ఢిల్లీలో ఒక ఇంటి ఓనర్ 1991లో బిల్డర్‌తో ఒప్పందం చేసుకున్నాడు, పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టి గ్రౌండ్ ఫ్లోర్ ఇతనికివ్వాలి. ఇల్లయితే వచ్చింది గానీ ప్లానుకి మించి కట్టారన్న గొడవ, కంప్లీషన్ సర్టిఫికెట్ లేదు. కన్జ్యూమర్ ఫోరానికి వెళ్తే, మీరిద్దరూ పార్ట్‌నర్లు, నువ్వు వినియోగదారుడివి ఎలా అవుతావన్నారు. 2008లో సుప్రీంకోర్టు దాన్ని తిప్పికొట్టింది: పేరు జాయింట్ వెంచర్ అని పెట్టుకున్నంత మాత్రాన కాదు, వ్యాపారం నడపడంలో ఓనర్‌కి చెయ్యి లేనప్పుడు, లాభనష్టాల్లో పాలు లేనప్పుడు అతను బిల్డర్ సేవ పొందుతున్నవాడే అని. కాబట్టి ఉత్తరంలో "పార్ట్‌నర్‌షిప్", "జాయింట్ వెంచర్" లాంటి మాటలు సరదాకి కూడా వాడొద్దు. హ్యాండోవర్ అంటే తాళాలివ్వడం కాదు, ఓసీతో కలిపి ఇవ్వడం అని రాయండి. గడువు, గ్రేస్ పీరియడ్, అది దాటితే ఫ్లాటుకి నెలకింత అద్దె అన్న అంకెలు కూడా ఇక్కడే.

మీ తరఫున సంతకాలు పెట్టే అధికారాన్ని బిల్డర్‌కిచ్చే జీపీఏ విషయంలోనూ అంతే ఖచ్చితంగా ఉండాలి. మన దగ్గర డెవలప్‌మెంట్ అగ్రిమెంట్, జీపీఏ రెండూ ఒకే డాక్యుమెంట్‌గా రిజిస్టర్ చేయడం అలవాటు. అందులో బిల్డర్‌కి సొంత ప్రయోజనం ముడిపడి ఉంటుంది గనక, 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం ప్రకారం మీకు కోపం వచ్చిన రోజున దాన్ని రద్దు చేయలేరు. అమ్మే అధికారం బిల్డర్ వాటాకే పరిమితమని, మీ వాటానీ స్థలాన్నీ బ్యాంకులో పెట్టి లోన్ తీసుకునే అధికారం లేదని ముందే చెప్పడం మేలు.

జీఎస్టీ మాట ఎవరూ మొదట్లో ఎత్తరు. ఓనర్‌కి కట్టిచ్చే ఫ్లాట్ల మీద కూడా పన్ను పడుతుంది, 2019 ఏప్రిల్ నుంచి మామూలు ఇళ్లకి 5 శాతం. అలాంటి ఫ్లాట్ బయటివాళ్లకి 60 లక్షలకి అమ్ముతుంటే మీ ఐదింటి మీద 15 లక్షలు. ఎవరు కడతారో రాయకపోతే తాళాలిచ్చే రోజున బిల్లు మీ చేతికొస్తుంది.

ఉత్తరంతో పాటు లింక్ డాక్యుమెంట్ల జిరాక్సులు, ఈసీ, కొలతలతో స్కెచ్ పంపండి, ఒరిజినల్స్ మాత్రం వద్దు. స్థలంలో అన్నదమ్ములకో అక్కచెల్లెళ్లకో వాటా ఉంటే అందరూ సంతకం పెట్టాలి. కింద ఒక తేదీ వేసి, ఆ లోపు రాతపూర్వకంగా జవాబు రాకపోతే ప్రతిపాదన రద్దయినట్టే అని రాసేస్తే, ఆ తర్వాత ఇంకో బిల్డర్‌తో మాట్లాడటానికి మీకు అడ్డేమీ ఉండదు.