గిన్నె మీద పేరు

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

అక్క పెళ్లికి వచ్చిన కానుకలు ఇంకా సర్దుతున్నామని రాశారు. "మీ కానుకకు ధన్యవాదాలు" అని ఒకే వాక్యం అందరికీ ఫోనులో పంపిస్తే ఏం తప్పని అడిగారు.

మన స్టీలు గిన్నెల అంచున చుక్కలు చుక్కలుగా పేర్లు కొట్టించి ఉంటాయి, చూశారా? పేరు లేని గిన్నెలోనూ పులుసు కాగుతుంది. కానీ పదిళ్ల గిన్నెలు ఒకచోట చేరిన రోజు అది ఎవరిదో చెప్పలేం. అందరికీ పంపే వాక్యం ఆ పేరు లేని గిన్నె. పిన్ని పేరు తీసేసి బాబాయి పేరు పెట్టినా ఉత్తరం అలాగే నిలిచిందంటే, అది ఇద్దరిలో ఎవరికీ రాసినట్టు కాదు. అలాగని సుత్తి పదేపదే వేస్తే పలుచటి రేకు సొట్టపోతుంది. ఒక్క వివరం చాలు.

పిన్ని ఇత్తడి కాఫీ ఫిల్టరు ఇచ్చింది కదా. అక్క ఇలా రాయవచ్చు: "పిన్నీ, ఆదివారం నీ ఫిల్టరులో మొదటిసారి కాఫీ పొడి వేశాం. డికాక్షన్ దిగేలోపు ఆయన రెండుసార్లు మూత తీసి చూశారు." పిన్నికి ఆ వంటిల్లు కళ్ల ముందు కనిపిస్తుంది. 1116 రూపాయల కవరు ఇచ్చిన వారికి అంకె రాయనక్కరలేదు, దానితో ఏం కొన్నారో రాయాలి. ఇంకా కొనకపోతే, వారు రాత్రంతా బస్సులో కూర్చుని ముహూర్తానికి అందుకున్న సంగతి రాయాలి. వాడని వస్తువును వాడామని మాత్రం రాయవద్దు.

మా అక్క పెళ్లిలో చదివింపుల పుస్తకం రాసింది నేనే. పెద్దలు పేర్లు గట్టిగా చదువుతుంటే "బిందె", "బిందె", "బిందె" అని మూడు చోట్ల రాశాను. తరువాత నాన్న కార్డులు రాయడానికి కూర్చుంటే ఏ బిందె ఎవరిదో తెలియలేదు. అమ్మ మూడూ వరుసగా పెట్టి, మెడ సన్నగా ఉన్నది పెద్దమ్మదని పోల్చింది. అందుకే చెబుతున్నాను, పొట్లం విప్పే ముందే ఇచ్చినవారి పేరు చీటీ మీద రాసి వస్తువుకు కట్టండి. నలుగురు పిల్లలు ఒక్కసారే కాగితాలు చింపితే ఆ పేర్లు మళ్లీ దొరకవు.

నాన్న పెద్దమ్మకు రాశారు: "వదినగారూ, మీ బిందె మెడ సన్నం. అమ్మాయి చంకన పెట్టుకుని నడిస్తే చుక్క తొణకడం లేదు."

చాలా ఏళ్ల తరువాత పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. వచ్చిన ఉత్తరాలన్నీ ఇనుప కమ్మికి గుచ్చి ఉన్నాయి. ఆ కార్డు మాత్రం చిల్లు పడకుండా దేవుడి పటం వెనుక ఉంది.

సాయంత్రం అటక మీది గిన్నెలు దించి, వాటి మీది పేర్లు బామ్మకు చదివి వినిపించండి. ఒక్కో పేరు దగ్గర ఆవిడ ఏం చెబుతుందో నాకు రాయండి.

మీ తాతయ్య