వాక్యం చివర ఖ్రప్, ఖ

బ్యాంకాక్‌లో రోడ్డు పక్కన ఒక కాఫీ బండి. కొనడానికి వచ్చింది ఒకావిడ, అమ్మేది ఒకాయన.

“ఆవ్ కాఫే యెన్ ఖ” అంటుంది ఆవిడ. ఐస్ కాఫీ కావాలని. “వాన్ నోయ్ మై ఖ్రప్?” అంటాడాయన. తీపి తక్కువ వేయాలా అని. “ఖ.” అలాగే అని. “థావ్‌రై ఖ?” ఎంత? “సీ సిప్ బాత్ ఖ్రప్.” 40 బాత్. “ఖోప్ ఖున్ ఖ.” “ఖోప్ ఖున్ ఖ్రప్.” ఇద్దరూ థాంక్స్ చెప్పుకున్నారు, బేరం అయిపోయింది.

మొత్తం ఏడు మాటలు. ఏడింటి చివరా ఖ్రప్ గానీ ఖ గానీ ఉన్నాయి. వాటిని తీసేసినా కాఫీ వస్తుంది, ధర మారదు. కానీ ఆ సంభాషణ థాయ్ చెవికి మోటుగా తగులుతుంది. ఇలా ముగింపు లేకుండా మాట్లాడే తీరును వాళ్ళు ‘హువన్’ అంటారు. మన పెడసరి మాటకు దగ్గరగా ఉంటుంది.

ఇవి మన ‘అండి’ లాంటివే కదా అనిపిస్తుంది. సగమే నిజం. మనం అండి అనాలా వద్దా అన్నది ఎదుటి మనిషిని బట్టి ఉంటుంది. మాట్లాడేది ఆడా మగా అన్నదానితో పనిలేదు. థాయ్‌లో వాడాలా వద్దా అన్నది ఎదుటివారిని బట్టే తేలుతుంది. అయితే రెండింటిలో ఏది వాడాలన్నది మాట్లాడేవారిని బట్టి ఉంటుంది. మగవాళ్ళు ఎవరితో మాట్లాడినా ఖ్రప్, ఆడవాళ్ళు ఎవరితో మాట్లాడినా ఖ. ఆడ టీచర్ దగ్గర థాయ్ నేర్చుకున్న విదేశీ మగవాళ్ళు కొందరు ఆవిడ చెప్పినట్టే ఖ అనేసి నవ్వుల పాలవుతారు. పక్కనున్న బర్మీస్‌లోనూ మగవాళ్ళకు ఒకటి, ఆడవాళ్ళకు ఒకటి ఇలాంటి ముగింపు మాటలున్నాయి.

ఇన్నిసార్లు ఎందుకు? ఒక సంభాషణకు ఒక్కసారి మర్యాద చూపిస్తే చాలదా? ఈ ప్రశ్న వేసే ముందు మనం మన మాట వినాలి. ఒక పెద్దాయనతో “రండి” అని మొదలుపెట్టి, తర్వాతి వాక్యంలో “కూర్చో” అనగలమా? అనలేం. “కూర్చోండి, కాఫీ తాగుతారా, ఎప్పుడొచ్చారు” అని ప్రతి క్రియలోనూ గౌరవం చెప్పుకుంటూనే పోతాం. మనమూ ప్రతి వాక్యంలో మర్యాద చూపిస్తున్నాం. అది క్రియలో కలిసిపోయి ఉంటుంది కాబట్టి మనకు విడిగా కనబడదు.

థాయ్ క్రియలో అలా కలవడానికి చోటు లేదు. ‘పై’ అంటే వెళ్ళడం. నేను వెళ్ళినా, నువ్వు వెళ్ళినా, వారు వెళ్ళినా, నిన్నయినా, రేపయినా ‘పై’ మారదు. పైగా నేను, మీరు లాంటి మాటలను కూడా తరచుగా వదిలేస్తారు. అప్పుడు వాక్యంలో మిగిలేది విషయం ఒక్కటే. మాట్లాడేవారికీ వినేవారికీ మధ్య ఉన్న సంబంధాన్ని చెప్పేది ఏదీ ఉండదు. ఆ పని చివరి చిన్న మాట చేస్తుంది. క్రియ మారకపోవడం ఒక్కటే దీనికి కారణం అనలేం. చైనా మాండరిన్‌లోనూ క్రియ మారదు, కానీ అక్కడ ఖ్రప్ లాంటిది లేదు. మారని క్రియ అవసరాన్ని పుట్టించింది, ఆ ఖాళీని ఎలా పూడ్చుకోవాలన్నది థాయ్ సమాజం తేల్చుకుంది.

ఇంకో కారణం గొంతులో ఉంది. నాకు దీనిలో అన్నిటికన్నా నచ్చేది ఇదే. మనం “వచ్చాడు” అన్న మాటను గొంతు పైకి లేపి అంటే అది ప్రశ్న అవుతుంది, మెత్తగా సాగదీస్తే లాలింపు అవుతుంది. థాయ్‌లో గొంతుకు అంత స్వేచ్ఛ లేదు. అది ఐదు స్వరాల భాష. ‘మా’ అన్నది మధ్య స్థాయిలో పలికితే రావడం, పై స్థాయిలో పలికితే గుర్రం, కింది నుంచి పైకి లేపితే కుక్క. మన అలవాటు కొద్దీ మాట చివర గొంతు లేపితే మాటే మారిపోతుంది. అందుకని మనం గొంతుతో చూపించే వినయం, ప్రశ్న, మెత్తదనం చాలావరకు వాక్యం చివరి చిన్న మాటల మీద పడతాయి. వాటికి సొంత అర్థం తక్కువ కాబట్టి స్వరం కొంచెం అటూ ఇటూ కదిలినా నష్టం లేదు.

ఖ లో ఈ కదలిక స్పష్టంగా వినిపిస్తుంది. కాఫీ బండి దగ్గర ఆవిడ “కాఫే యెన్ ఖ” అన్నప్పుడు ఖ పై నుంచి కిందికి జారుతుంది. “థావ్‌రై ఖ?” అన్నప్పుడు పైనే నిలబడుతుంది. చెప్పడానికి ఒకటి, అడగడానికి ఒకటి. మగవాళ్ళకు ఈ తేడా లేదు, రెంటికీ పై స్థాయి ఖ్రప్ ఒక్కటే. రాతలో జారే ఖ మీద చిన్న నిలువు గీత పెడతారు, నిలబడే ఖ కు పెట్టరు. ఇక్కడే థాయ్ వాళ్ళే తడబడతారు. మాటను మెత్తపరిచే ‘న’ అనే ఇంకో చిన్న మాట ఉంది. దాని తర్వాత ఖ వస్తే, అది ప్రశ్న కాకపోయినా, పైనే నిలబడాలి. కానీ చాలామంది “చెబుతున్నాం కదా” అనుకుని గీత పెట్టేస్తారు. థాయ్‌లో తరచుగా ఎత్తిచూపే అక్షరదోషాల్లో ఇదొకటి.

ఖ్రప్ పుట్టింది ‘ఖో రప్’ అన్న మాట నుంచి. స్వీకరించడానికి అనుమతి కోరుతున్నాను అని దాని అర్థం. మన పాతకాలపు ‘చిత్తం’ గుర్తొస్తుంది. ఆ ఛాయ ఇప్పటికీ పోలేదు. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే “ఖ్రప్” అని పలుకుతారు. ఫోన్‌లో అవతలివాళ్ళు చెబుతుంటే “ఖ్రప్, ఖ్రప్” అంటూ ఉంటారు. అచ్చం గోదావరి జిల్లాల ‘ఆయ్’ లాగా. కొత్తవాళ్ళు పొరపడేది ఇక్కడే. వింటున్నాను అన్న ఖ్రప్‌ను ఒప్పుకున్నాను అని అనుకుంటారు. నిజంగా ఒప్పుకున్నారో లేదో తెలియాలంటే క్రియ కోసం చెవి పెట్టాలి. “వెళ్తారా?” అన్నదానికి “పై ఖ్రప్” అంటే వెళ్తాను, “మై పై ఖ్రప్” అంటే వెళ్ళను. కాదనే మాటకూ ఖ్రప్ తోడుంటుంది.

అలాగని ప్రతి చోటా ఉండదు. దగ్గరి స్నేహితుల మధ్య ఊడిపోతుంది. అక్కడ వాడితే దూరం పెట్టినట్టు, అలిగినట్టు వినిపించవచ్చు. పుస్తకాల్లో, వార్తాపత్రికల్లో కనిపించదు, ఎదురుగా వినే మనిషి లేడు కాబట్టి. పొడవుగా మాట్లాడేటప్పుడు ప్రతి వాక్యానికీ అతికించరు, మాట అవతలివారికి అందించే చోట తప్పకుండా వేస్తారు. బౌద్ధ భిక్షువు మామూలు మనుషులకు జవాబిచ్చేటప్పుడు ఖ్రప్ బదులు ‘చరోన్ ఫోన్’ అని దీవిస్తాడు. రాజకుటుంబంతో మాట్లాడటానికి వేరే ముగింపులున్నాయి, వాటిలోనూ ఆడవారిది వేరు, మగవారిది వేరు.

ఇక పిల్లలకు ఇది ఎలా వస్తుంది? ఇంట్లో ఎక్కువసేపు వినేది అమ్మ మాట అయితే చెవిన పడేది ఖ. మగపిల్లాడు అదే పట్టుకుంటే తప్పవుతుంది. అందుకని చాలామంది తల్లులు చిన్న కొడుకుతో మాట్లాడేటప్పుడు తమ ఖ ను పక్కనపెట్టి, “అన్నం తిన్నావా ఖ్రప్?” అని వాడి ముగింపుతో అడుగుతారు. కూతురి వైపు తిరగగానే అదే ప్రశ్న చివర మళ్ళీ ఖ వస్తుంది.