ఇంగ్లిషులో ‘మీరు’ ఎక్కడుంటుంది?

పర్లాకిమిడి

చిరంజీవులు బుజ్జికి, చంటికి తాతయ్య ఆశీస్సులు.

మీరిద్దరూ ఐఈఎల్‌టీఎస్ జనరల్ ట్రైనింగ్ అనే ఇంగ్లిషు పరీక్షకి కట్టారని మీ అమ్మ చెప్పింది. పండక్కి వచ్చినప్పుడు చంటి ప్రాక్టీసుకి రాసిన ఉత్తరమొకటి నా బల్ల మీదే మర్చిపోయి వెళ్ళాడు. దాన్ని మూడు నాలుగు సార్లు చదివాను. గ్రామర్ తప్పులు పెద్దగా లేవు. కానీ మొదటి వాక్యం స్నేహితుడితో మాట్లాడినట్టుంది, మూడోది ఆఫీసరు ముందు చేతులు కట్టుకున్నట్టుంది, అయిదోది పనివాడికి పని పురమాయించినట్టుంది. ముప్పై ఏళ్ళు ఇంగ్లిషు పాఠాలు చెప్పినవాణ్ణి, ఇది చూసి ఊరుకోలేక రాస్తున్నాను.

ఆ పరీక్షలో మొదటి రైటింగ్ టాస్క్ ఉత్తరమే. కనీసం 150 పదాలు ఉండాలి, దానికి ఇరవై నిమిషాలు పెట్టుకోమంటారు. ఏయే సంగతులు రాయాలో మూడు పాయింట్లు ప్రశ్నలోనే ఇస్తారు. అడ్రసులు రాయనక్కర్లేదని కూడా అందులోనే ఉంటుంది, కాబట్టి బళ్ళో నేర్చుకున్నట్టు మూలన ఊరూ పేరూ రాస్తూ టైము పోగొట్టుకోకండి. మార్కులు బ్యాండ్‌ల లెక్కన, నాలుగు రకాలుగా చూసి వేస్తారు. వాటిలో మొదటిది, అడిగిన పని చేశారా లేదా అన్నది. ఉత్తరం తీరు ఎవరికి రాస్తున్నామో వాళ్ళకి తగినట్టుందా అన్నది కూడా ఇందులోకే వస్తుంది. తీరు మొదటి నుంచి చివరిదాకా ఒకేలా, తగినట్టుగా ఉండాలని ఏడో బ్యాండ్‌కి అడుగుతారు. మధ్య మధ్యలో తీరు మారిపోతే ఆరో బ్యాండ్ మాట. చంటి ఉత్తరం అక్కడే ఆగిపోతుంది.

ఇలా ఎందుకవుతుందో చెబుతాను. మనింట్లో తెలుగు, వీధిలో ఒడియా. తెలుగులో నువ్వు, మీరు ఉన్నాయి. ఒడియాలో తు, తుమే, ఆపణ అని మూడు మెట్లు. ఏ మెట్టు ఎవరికో చిన్నప్పుడే మీ నోటికి వచ్చేసింది. బజార్లో కొట్టాయనతో ఒకలా, బళ్ళో సార్‌తో ఒకలా, ఆలోచించకుండానే మాట్లాడతారు. ఇంగ్లిషులో ఉన్నది ఒక్క ‘యు’. కలెక్టరుకీ అదే, క్లాస్‌మేట్‌కీ అదే. అందుకని మనవాళ్ళు గౌరవం చూపించడానికి వేరే చోట్లు వెతుక్కుంటారు. ‘రెస్పెక్టెడ్ సర్’ అంటారు, వాక్యానికో ‘కైండ్లీ’ పెడతారు, ‘ఐ బెగ్ టు స్టేట్’ అంటారు. గౌరవం ఇంగ్లిషులోనూ ఉంది. కాకపోతే అది క్రియ దగ్గర ఉంటుంది, అడిగే పద్ధతిలో ఉంటుంది. ఎదుటివాళ్ళని ఎత్తడం, మనల్ని మనం తగ్గించుకోవడం దానికి అక్కర్లేదు.

చంటి రాసిన ప్రశ్న ఇది. మీరు ఒక సంస్థలో కంప్యూటర్ కోర్సు చేశారు, సర్టిఫికెట్‌లో మీ పేరు తప్పు పడింది, మేనేజరుకి ఉత్తరం రాయండి. ఏ కోర్సు చేశారో చెప్పాలి, తప్పేమిటో వివరించాలి, వాళ్ళు ఏం చెయ్యాలో అడగాలి. మన పేర్లని ఒడియాలో ఒకలా, తెలుగులో ఒకలా, ఇంగ్లిషులో ఇంకోలా రాసే ఈ ప్రాంతంలో ఇది ఎవరికైనా జరిగేదే.

చంటి మొదలుపెట్టింది ‘హోప్ యు అండ్ యువర్ ఫ్యామిలీ ఆర్ డూయింగ్ వెల్’ అని. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు. మన ఉత్తరాల్లో ‘ఉభయకుశలోపరి’ అని రాసేవాళ్ళం. ఇక్కడ క్షేమం, అక్కడి క్షేమం తెలియజేయవలెను, ఆ తర్వాతే సంగతి. చుట్టాలకి అది బాగుంటుంది. మొహం ఎరగని మేనేజరు ఇంట్లోవాళ్ళ క్షేమం అడిగితే మాత్రం ఇంగ్లిషులో అది చనువు తీసుకోవడం అవుతుంది. ముందు వాక్యంలోనే ఎందుకు రాస్తున్నామో చెప్పెయ్యాలి. ‘ఐ యామ్ రైటింగ్ టు రిక్వెస్ట్ ఎ కరెక్షన్ టు మై కోర్స్ సర్టిఫికెట్.’ మనకి ఇది మొహం మీద అన్నట్టు అనిపిస్తుంది. వాళ్ళకి అదే మర్యాద, ఎందుకంటే చదివేవాళ్ళ టైము వృథా కాలేదు.

తర్వాత చంటి ‘మై నేమ్ ఈజ్ టోటల్లీ రాంగ్’ అని రాశాడు. నోటితో అయితే సరే. ఆఫీసుకి రాసేటప్పుడు కోపం తీసేసి తప్పు చూపించాలి. ‘మై సర్‌నేమ్ హ్యాజ్ బీన్ మిస్‌స్పెల్ట్’ అంటే చాలు, ఆ వెంటనే సరైన అక్షరాలు రాయాలి. ఈ వాక్యంలో తప్పు చేసినవాళ్ళ పేరెత్తలేదు చూడండి. మనమూ ‘మీరు తప్పు రాశారు’ అనకుండా ‘పేరు తప్పు పడింది’ అంటాం కదా, సరిగ్గా అదే.

ఇక ముఖ్యమైన చోటు, అడిగే వాక్యం. చంటి ఇలా రాశాడు: ‘కైండ్లీ ఫిక్స్ ఇట్ ఇమీడియట్లీ అండ్ డు ది నీడ్‌ఫుల్.’ ముందు కైండ్లీ ఉన్నా అది ఆజ్ఞే. క్రియ ఉత్తినే మొదలైతే ఇంగ్లిషులో హుకుం. పైగా ‘డు ది నీడ్‌ఫుల్’ అన్నది మన ఆఫీసుల్లో రోజూ వినిపించేదే గానీ, ఏం చెయ్యాలో అందులో లేదు. మూడో పాయింటు అడిగిందే అది. దాని బదులు ఇలా రాయాలి: ‘ఐ వుడ్ బి గ్రేట్‌ఫుల్ ఇఫ్ యు కుడ్ ఇష్యూ ఎ కరెక్టెడ్ సర్టిఫికెట్ బిఫోర్ ది ఎండ్ ఆఫ్ దిస్ మంత్.’ ఇందులో ప్లీజ్ లేదు, కైండ్లీ లేదు. గౌరవమంతా వుడ్, కుడ్ అన్న రెండు చిన్న మాటల్లో ఉంది. అవి చూడ్డానికి భూతకాలం మాటలు, జరగబోయే పనికి వాడుతున్నాం. వింతగా అనిపిస్తే మన తెలుగే వినండి. పెద్దవాళ్ళింటికి వెళ్ళి, ఇంకా అడగకుండానే, ‘మిమ్మల్ని ఓ మాట అడుగుదామనుకున్నానండీ’ అంటాం. అనుకోవడం అప్పుడే అయిపోయినట్టు చెప్పి, కాదనడానికి వాళ్ళకి కాస్త చోటు వదులుతాం. కుడ్ చేసే పని అదే. ఈ ఒక్కటి పట్టుబడితే సగం ఉత్తరం దారిలో పడుతుంది.

ఫిక్స్ బదులు కరెక్ట్, సెండ్ బ్యాక్ బదులు రిటర్న్, ఆస్క్ ఫర్ బదులు రిక్వెస్ట్. ఇలాంటి మార్పులు ఒక్కో ఉత్తరంలో మూడు నాలుగు చాలు. డిక్షనరీలోంచి బరువైన మాటలు ఏరుకొచ్చి పేర్చకండి. వాటిని ఎక్కడ వాడాలో తెలియకపోతే పదాల మార్కులు కూడా పోతాయి.

వినయం గురించి నా సంగతొకటి చెప్పాలి. కాలేజీ అయ్యాక నా మార్కుల షీటు తడిసి పాడైపోయింది. డూప్లికేట్ కావాలని ఒక ఆఫీసుకి రాశాను. ‘మోస్ట్ హంబ్లీ అండ్ రెస్పెక్ట్‌ఫుల్లీ ఐ బెగ్ టు స్టేట్’ అని మొదలుపెట్టి పేజీ నిండా వేడుకున్నాను. నెల తర్వాత కార్డు వచ్చింది: ఏ సంవత్సరం, ఏ నంబరు? ఆ రెండూ రాయలేదు నేను. వినయం రాయడంలో సంగతి రాయడం మర్చిపోయాను. మీరు పుట్టిన ఈ ఊళ్ళోనే గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పారు. జనం మాట్లాడే తెలుగునే రాతలోకి తేవాలని ఆయన ఏళ్ళ తరబడి పోరాడారు. ‘బెగ్ టు స్టేట్’ అన్నది ఇంగ్లిషు గ్రాంథికం. ఫార్మల్ అంటే పాత భాష అనుకోకండి. ఇవాళ ఒక ఆఫీసు ఇంకో ఆఫీసుకి రాసుకునే మామూలు, శుభ్రమైన భాష అది.

మొదలూ చివరా జత కలవాలి. పేరు తెలియకపోతే ‘డియర్ సర్ ఆర్ మేడమ్’, చివర ‘యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ’. పేరు తెలిస్తే ‘డియర్ మిస్టర్ బ్రౌన్’, చివర ‘యువర్స్ సిన్సియర్లీ’. మిస్టర్ పక్కన ఇంటిపేరే రావాలి. మనం ‘రమేష్ గారు’ అన్నట్టు ‘మిస్టర్ రమేష్’ అని రాసేస్తాం, అక్కడ అది కుదరదు. బళ్ళో సెలవు చీటీకి రాసిన ‘యువర్స్ ఒబీడియెంట్లీ’ని ఆ చీటీతోనే వదిలెయ్యండి.

బుజ్జికి దీనికి తలకిందుల ఇబ్బంది అనుకుంటాను. ఫార్మల్ బాగా ప్రాక్టీసు చేసి, స్నేహితురాలికి కూడా ‘ఐ వుడ్ బి గ్రేట్‌ఫుల్ ఇఫ్ యు కుడ్ అటెండ్ మై సిస్టర్స్ వెడ్డింగ్’ అని రాస్తుంది. కలిసి చదువుకున్న పిల్లని ‘తమరు దయచేయవలెను’ అన్నట్టుంటుంది. ‘కెన్ యు మేక్ ఇట్ టు ది వెడ్డింగ్?’ అని అడగాలి. అక్కడ ఐయామ్, డోంట్, కాంట్ అని కుదించి రాయడమే సరి. క్షేమం అడగడం కూడా అక్కడే, నీ ఉభయకుశలోపరి అంతా ఆ ఉత్తరంలో వాడుకో తల్లీ. అలాగని ఫోన్‌లో మెసేజ్ కొట్టినట్టు అక్షరాలు మింగెయ్యకూడదు. చనువు మాటల్లో ఉండాలి, స్పెల్లింగులో కాదు.

మధ్య రకం ఒకటుంది: ఇంటి ఓనరు, పనిచేసే చోట పై అధికారి. పేరు తెలుసు, పరిచయం ఉంది, చనువు లేదు. వీళ్ళకి ఫార్మల్ ఉత్తరమే కాస్త మెత్తగా రాయండి. అడిగే వాక్యంలో ‘కుడ్ యు ప్లీజ్’ చాలు, గ్రేట్‌ఫుల్ అనేంత దూరం అక్కర్లేదు.

ఈ పరీక్షలో కాదుగానీ, రేపు ఉద్యోగాలకి ఈమెయిల్ రాస్తారు. దానికీ ఇదే లెక్క. సబ్జెక్ట్ లైన్‌లో ‘రిక్వెస్ట్’ అని ఒక్క మాట రాసి ఊరుకోకుండా, ఏ రిక్వెస్టో అయిదారు మాటల్లో రాయండి. మొదటి మెయిల్‌కి ‘హాయ్’ వద్దు. అవతలివాళ్ళు ‘హాయ్’ అని జవాబిస్తే తర్వాతి మెయిల్‌లో మీరూ అనొచ్చు. నువ్వు అనమని పెద్దవాళ్ళే అన్నాక అన్నట్టు.

రాయడం అయ్యాక రెండు నిమిషాలు మిగుల్చుకోండి. ఫార్మల్ ఉత్తరమైతే అక్షరాల నెత్తిన ఉండే కామా కోసం వెతకండి. డోంట్, ఐయామ్ లాంటి కుదింపుల్లో కనిపిస్తే విడదీసి రాయండి. ‘సిస్టర్స్’లా ‘అక్కది’ అని చెప్పేచోట ఉంటే ముట్టుకోకండి. ఆశ్చర్యార్థకాలు తీసెయ్యండి. తర్వాత అడిగే వాక్యం ఒక్కటీ పెదాలతో చదవండి. క్రియతో మొదలైతే మార్చండి.

చంటీ, నీ ఉత్తరం ఇందులోనే పెడుతున్నాను. మార్చాల్సిన చోట్ల పెన్సిల్‌తో గీతలు గీశాను, ఏం రాయాలో మాత్రం రాయలేదు. సర్టిఫికెట్ సంగతే మేనేజరుకి ఒకటి, ‘చూడరా, నా పేరు ఎలా రాశారో’ అని స్నేహితుడికి ఒకటి, రెండూ ఒకే రోజు రాసి నాకు పంపించు. బుజ్జీ, నువ్వు ముందు స్నేహితురాలి ఉత్తరం రాయి. వచ్చే ఆదివారం ఫోన్ చేసి, మీరు రాసిన అడిగే వాక్యాలు రెండూ నాకు చదివి వినిపించండి.

మీ తాతయ్య